మూడు థర్మామీటర్లు, మూడు అంకెలు: పసిబిడ్డ జ్వరం విషయంలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. మావారి ఉద్యోగం వల్ల చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాం. బాబుకి ఏడు వారాలు. నెలలు నిండాకే పుట్టాడు, బరువు బాగానే పెరుగుతున్నాడు. పోయిన శనివారం రాత్రి పది గంటలకి పాలు పట్టి పడుకోబెడుతుంటే ఒళ్ళు వెచ్చగా తగిలింది. టోపీ పెట్టి, గుడ్డలో చుట్టి ఉన్నాడు, ఫ్యాను తిరుగుతోంది. నుదుటికి చూపించే గన్ థర్మామీటరు పెడితే 97.3 వచ్చింది. మళ్ళీ పెడితే 98.1. మావారు ఆన్‌లైన్‌లో కొన్న చెవి థర్మామీటరు పెడితే కుడి చెవిలో 100.8, ఎడమ చెవిలో 99.0. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మెడికల్ షాపులో కొన్న మామూలు డిజిటల్ థర్మామీటరు చంకలో పెడితే 98.8. అత్తయ్య "పది రోజుల కిందట టీకా వేయించాం కదా, ఆ జ్వరమే, పారాసిటమాల్ చుక్కలు వేస్తే సరిపోతుంది" అన్నారు. నేను వినకుండా క్యాబ్ బుక్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ నర్సు చంకలో చూస్తే 98.2. డ్యూటీ డాక్టరు "జ్వరం లేదు, ఈ వయసులో అనుమానం వస్తే మలద్వారంలో పెట్టి చూడాలి" అని పంపేశారు. ఆ మాట ఇంట్లో చెబితే అత్తయ్యకి కోపం వచ్చింది. "పసివాడికి అక్కడ పుల్లలు పెడతారా" అంటున్నారు. మళ్ళీ ఇలాంటి రాత్రి వస్తే నేను ఏ అంకె నమ్మాలి? ఇంకా ఖరీదైనది ఏదైనా కొనాలా?
— ఓ తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీరు ఆ రాత్రి ఆస్పత్రికి వెళ్ళడంలో తప్పేమీ లేదు. అక్కడ జ్వరం లేదని తేలింది కాబట్టి అనవసరంగా వెళ్ళామని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ 100.8 నిజమే అయ్యుంటే ఆ గంటలో వెళ్ళాల్సిన చోటు అదే.

మూడు నెలలు నిండని బిడ్డకి జ్వరం లెక్క వేరు. మూడేళ్ళ పిల్లాడికి 102 ఉన్నా ఆడుకుంటూ, నీళ్ళు తాగుతూ ఉంటే ఒక పూట చూడొచ్చు. ఏడు వారాల బిడ్డకి మలద్వారంలో కొలిచినప్పుడు 100.4, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వాడు ఎంత హుషారుగా ఉన్నా అదే రోజు, అదే గంటలో డాక్టరు చూడాలి. ఈ వయసులో రక్తంలోనో మూత్రంలోనో ఇన్ఫెక్షన్ ఉంటే బయటికి కనిపించే గుర్తు చాలాసార్లు ఆ జ్వరం ఒక్కటే. దగ్గు, జలుబు, ఎర్రబడ్డ గొంతు లాంటి ఆనవాళ్ళు ఉండకపోవచ్చు. అందుకే డాక్టర్లు రక్తం, మూత్రం పరీక్షలకు పంపుతారు, ఒక్కోసారి వెన్ను నుంచి నీరు తీసి చూస్తారు. ఇంత పెద్ద నిర్ణయం ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది కాబట్టే, పెద్దవాళ్ళకి లెక్కలోకి రాని అర డిగ్రీ తేడా మీ బాబు విషయంలో లెక్కలోకి వస్తుంది.

ఆ 100.4 అన్న గీత మలద్వారంలో కొలిచిన అంకెకి గీసింది. శరీరం లోపలి వేడికి ఇంట్లో మనం చేరుకోగలిగినంత దగ్గరగా ఉండే చోటు అదే. చెవి, నుదురు, చంక ఇవన్నీ ఆ లోపలి వేడిని బయటి నుంచి అంచనా వేసే దారులు. మీ దగ్గరున్న పరికరాలు ఆ పని ఎలా చేస్తాయో తెలిస్తే, ఆ రాత్రి అంకెలు ఎందుకు అలా వచ్చాయో మీకే అర్థమవుతుంది.

చెవి థర్మామీటరుతో మొదలుపెడతాను, మిమ్మల్ని పరుగెత్తించింది అదే కాబట్టి. దాని కొనలో ఉన్న సెన్సరు కర్ణభేరి నుంచి వచ్చే వేడి కిరణాలను చదువుతుంది. కర్ణభేరి తలలో లోతుగా ఉంటుంది కాబట్టి ఆలోచన మంచిదే. చిక్కల్లా ఆ సెన్సరు కర్ణభేరికి సూటిగా ఎదురుగా ఉండాలి. ఏడు వారాల బిడ్డ చెవి రంధ్రం ఎంత ఉంటుందో ఒకసారి వెలుతురులో చూడండి. సన్నగా, మెత్తగా, వంపు తిరిగి ఉంటుంది. ఆ పరికరం ముక్కు దాంట్లో సరిగ్గా దూరదు. అంచు దగ్గరే ఆగిపోయి కర్ణభేరికి బదులు చెవి గోడ వేడిని చదువుతుంది. అందుకే ఆరు నెలల లోపు పిల్లలకు చెవి థర్మామీటరు వాడవద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. కెనడా వాళ్ళు ఇంకా జాగ్రత్తపరులు, రెండేళ్ళు నిండే దాకా వద్దంటారు. బ్రిటన్‌లో మాత్రం నెల దాటిన పిల్లలకు ఒప్పుకుంటారు. దేశానికో మాట ఉందంటే, ఆ వయసులో అది ఎంత సున్నితమైన పనో తెలుస్తోంది కదా. నా మటుకు నేను మొదటి మాట వైపే ఉంటాను.

ఇప్పుడు మీ అంకెలు చూడండి. కుడి చెవి 100.8, ఎడమ చెవి 99.0. ఒకే తల, ఒకే నిమిషం, రెండు చెవులకీ దాదాపు రెండు డిగ్రీల తేడా. లోపలి వేడి అలా ఉండదు. పక్కపక్కన తీసిన రెండు కొలతలు ఇంత దూరంగా ఉన్నాయంటే, వాటిలో ఒకటైనా చూడాల్సిన చోటును చూడలేదని అర్థం. పాలు తాగేటప్పుడు బాబు కుడి చెంప మీ చేతి మీద ఆనించి ఉండి ఉంటే ఆ చెవి ఒత్తుకుని, మీ ఒంటి వేడికి వెచ్చబడి ఉంటుంది. పైగా టోపీ. అలా ఒత్తుకున్న చెవిలో ఎక్కువ రావడం మామూలే. చెవిలో గులిమి ఉంటే ఇందుకు తిరగబడి తక్కువ చూపించవచ్చు.

గన్ థర్మామీటరు సంగతి వేరు. అది తాకకుండా నుదుటి చర్మం వేడిని చదివి, దాని మీద లోపల ఉన్న లెక్క ప్రకారం కొంత కలిపి మీకు అంకె చూపిస్తుంది. కుక్కరు మూత మీద చెయ్యి పెట్టి లోపలి అన్నం ఎంత వేడిగా ఉందో చెప్పడం లాంటిది. ఆ చర్మం వేడిని మార్చేవి మన ఇళ్ళల్లో కావలసినన్ని ఉన్నాయి. చెమట ఆరుతుంటే నుదురు చల్లబడుతుంది. ఫ్యాను గాలి, ఏసీ గాలి తగిలినా అంతే. టోపీ అప్పుడే తీస్తే వేడిగా ఉంటుంది. నూనె రాసి ఉన్నా, దిష్టి చుక్క పెట్టి ఉన్నా సెన్సరు చదివేది ఆ పూతను. పాలు తాగేటప్పుడు పసివాళ్ళకు నుదుటి మీద, నెత్తి మీద చెమట పట్టడం సహజం, దాని మీద ఫ్యాను తిరుగుతోంది. మీకు 97.3 వచ్చింది అందుకే కావచ్చు. తర్వాతి 98.1 చెమట ఆరాకో, దూరం మారినందుకో వచ్చి ఉంటుంది. ఈ పరికరాలను చాలావరకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోమంటారు. మీ దాని కాగితంలో ఏం రాశారో ఒకసారి చూడండి. బొటనవేలు వెడల్పు అటూ ఇటూ అయితే చాలు, అంకె మారిపోతుంది.

అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ ఈ తాకని థర్మామీటర్ల వాడకానికి కొన్ని షరతులు చెప్పింది. గది వేడి 16 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి, పరికరాన్ని ఆ గదిలోనే 10 నుంచి 30 నిమిషాలు ముందుగా ఉంచాలి, నుదురు తుడిచి పొడిగా ఉంచాలి, గాలి వీచే చోట కొలవకూడదు. నవంబరు వానల్లో మన చెన్నైలో గాలి తేమ 85 దాటడం ఏమంత వింత కాదు. ఏసీ గదిలో ఉన్న పరికరాన్ని హాల్లోకి తెచ్చి వెంటనే పెట్టినా అంకె తప్పుతుంది. ఇంకొకటి, వీటిలో చాలావాటికి రెండు రకాల పద్ధతులు ఉంటాయి. తెర మీద Body అని ఉండాలి. పొరపాటున Surface లో ఉంటే పాలసీసా, స్నానం నీళ్ళ వేడి చూసే లెక్కలో చూపిస్తుంది, అప్పుడు బిడ్డ ఒళ్ళు మరీ చల్లగా ఉన్నట్టు అంకె వస్తుంది.

నుదుటి థర్మామీటర్లలోనే ఇంకో రకం ఉంది. నుదుటికి ఆనించి మధ్య నుంచి కణత దాకా జరుపుతారు. అది కణత దగ్గర ఉండే రక్తనాళం మీది వేడిని పట్టుకుంటుంది. దీన్ని చిన్నపిల్లల్లో వాడి చూసినప్పుడు కొన్ని పరిశీలనల్లో మంచి ఫలితాలే వచ్చాయి. అయితే ఆ మంచిపేరు దానిది, మీ ఇంట్లో ఉన్న గన్‌ది కాదు. షాపులో రెండిటినీ "ఫోర్‌హెడ్ థర్మామీటర్" అనే అమ్ముతారు, అందుకే ఈ మాట చెబుతున్నా. ఆ రకమైనా చెమట నుదుటి మీద తప్పే చూపిస్తుంది.

ఇక ఆ రాత్రి మీ చేతిలో ఉన్నవాటిలో నమ్మదగ్గది చవకైనదే, చంకలో పెట్టింది. మన దేశంలో ఊళ్ళల్లో ఆశా కార్యకర్తలు పసిబిడ్డలకు చూసేది కూడా ఆ పద్ధతిలోనే. మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం రెండు నెలల లోపు బిడ్డకి చంకలో 99.5, అంటే 37.5 సెల్సియస్, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అది ప్రమాద సూచనే. చంకలో అంకె లోపలి వేడి కన్నా తక్కువగా వస్తుంది కాబట్టి గీతను కూడా కిందికి దించారు. మనవాళ్ళు చాలామంది "చంకలో చూస్తే ఒక డిగ్రీ కలుపుకోవాలి" అంటారు. అలా కలపకండి. ఆ తేడా బిడ్డను బట్టి, పెట్టిన తీరును బట్టి మారుతుంది. డాక్టరుకి ఫోన్‌లో చెప్పేటప్పుడు "చంకలో 99.2" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కలిపి చెబితే ఆయన మళ్ళీ ఇంకొకటి కలుపుకుంటారు.

చంకలో సరిగ్గా పెట్టడం మాత్రం నేర్చుకోవాలి. చొక్కా మీది నుంచో, చేతి సందులోంచో దూర్చితే కుదరదు. ఒక చెయ్యి విడిపించి, చంక మెత్తటి గుడ్డతో అద్ది తుడవండి. ఆ వయసు పిల్లల చంకలో మడతలు ఉంటాయి, పాలు కారి తడి చేరి ఉంటుంది. వెండి రంగు కొన చంక గుంటకు సరిగ్గా నడుమన, చర్మానికే తగిలేలా పెట్టి, చెయ్యి కిందికి దించి బిడ్డ ఒంటికి ఆనించి, మీ చేత్తో అలా పట్టుకుని ఉండండి. థర్మామీటరు కొన వెనక నుంచి బయటికి పొడుచుకు వస్తే గది గాలి వేడిని చదువుతుంది. బీప్ అనగానే తీయకండి. మామూలు డిజిటల్ థర్మామీటరు అంకె పెరగడం నెమ్మదించగానే బీప్ కొడుతుంది, చంకలో ఆ తర్వాత కూడా కొంచెం పెరుగుతుంది. ఇంకో రెండు నిమిషాలు ఉంచి చూడండి. పది సెకన్లలో చెప్పేస్తుందని అమ్మే రకాలు అంచనా కట్టి అంకెను అక్కడే ఆపేస్తాయి, వాటిని ఎంతసేపు ఉంచినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఆన్ చేయగానే Lo అని వస్తే బ్యాటరీ అయిపోయిందని కంగారు పడకండి. కొలవగలిగిన వేడి ఇంకా తగల్లేదని చెప్పడం అది.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడ భయం తప్పని నేను అనను, కానీ మన పెద్దవాళ్ళు పసిబిడ్డకి విరేచనం కాకపోతే తమలపాకు కాడ ఆముదంలో ముంచి అక్కడే పెట్టేవాళ్ళు కదా. ఇప్పుడు అది చెయ్యొద్దని చెబుతాం, అది వేరే సంగతి. కానీ ఆ కాడ కన్నా మెత్తటి కొన ఉన్న థర్మామీటరు ఎక్కువ శుభ్రం, దాన్ని ఎంత లోపలికి పెట్టాలో కొలత కూడా ఉంది. ఈ మాట గొడవ పెట్టుకోకుండా, ఆవిడ కాఫీ తాగుతూ తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పి చూడండి. మనవడి మీద ప్రేమతోనే అడ్డు చెబుతున్నారు కాబట్టి బహుశా వింటారు.

చేసే పద్ధతి ఇది. కొన వంగే రకం డిజిటల్ థర్మామీటరు ఒకటి దీని కోసమే విడిగా ఉంచుకోండి. డబ్బా మీద రంగు టేపు చుట్టండి, మరొకరెవరూ నోట్లో పెట్టుకోకుండా. కొన నుంచి అర అంగుళం, అంటే 1.2 సెంటీమీటర్ల దగ్గర సన్నటి గుర్తు పెట్టుకోండి. గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, కొనకు పెట్రోలియం జెల్లీ రాయండి. డైపరు మార్చేటప్పుడు పడుకోబెట్టినట్టే వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చేత్తో రెండు చీలమండలూ కలిపి పట్టుకుని, మోకాళ్ళు పొట్ట వైపు మడవండి. రెండో చేత్తో మెల్లగా ఆ గుర్తు దాకా మాత్రమే లోపలికి పంపండి. ఆ చేతి అడుగుభాగం బిడ్డ పిర్రకి ఆనించి, వేళ్ళ మధ్య థర్మామీటరును పట్టుకుని ఉండండి. బిడ్డ కాళ్ళు తన్నినా థర్మామీటరు మీ చేతితో పాటే కదులుతుంది, లోపల గుచ్చుకోదు. ఏమాత్రం అడ్డు తగిలినా నెట్టకండి, ఆపేయండి. చాలావాటికి అర నిమిషంలో బీప్ వస్తుంది. తీయగానే విరేచనం కావచ్చు, కింద గుడ్డ వేసుకోండి. పని అయ్యాక సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి పెట్టండి.

దీన్ని గంటగంటకీ చెయ్యకూడదు. చంకలో అంకె అనుమానంగా వచ్చినప్పుడు తేల్చుకోవడానికి ఒకసారి చాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, పేగులకో మలద్వారానికో ఆపరేషన్ అయినవాళ్ళకు, రక్తస్రావం జబ్బు ఉన్నవాళ్ళకు, ప్లేట్‌లెట్లో రోగనిరోధక శక్తో బాగా తక్కువగా ఉన్నవాళ్ళకు ఇంట్లో ఇది వద్దు. మీ ఉత్తరం ప్రకారం మీ బాబుకి అలాంటివేమీ లేవు. అయినా ఈసారి టీకాకి వెళ్ళినప్పుడు నర్సు చేత ఒకసారి చూపించుకుని, ఆవిడ ఎదురుగానే మీరు చేసి చూడండి. అర్ధరాత్రి ఏడుస్తున్న బిడ్డ మీద మొదటిసారి ప్రయత్నించడం కన్నా అది మేలు. బ్రిటన్‌లో ఇంటి దగ్గర దీన్ని మామూలుగా వాడవద్దనే చెబుతారు, అక్కడ పసివాళ్ళకు చంకలోనే చూస్తారు. కాబట్టి ఇది చెయ్యకపోతే మీరు తల్లిగా ఏదో లోటు చేసినట్టు కాదు.

మీ ముందున్న దారులు ఇవీ. మొదటిది, చంక థర్మామీటరు ఒక్కదానితోనే సరిపెట్టుకోవడం. అప్పుడు 99.5 వచ్చిందంటే ఇంకేమీ ఆలోచించకుండా బయల్దేరాలి. 99 దాటి 99.5 లోపు ఉంటే డాక్టరుకి ఫోన్ చేసి, అర గంటలో మళ్ళీ చూడాలి. దీనికి మీరు ఇచ్చుకునే ఖర్చు, ఒకటి రెండు సార్లు ఊరికే ఆస్పత్రికి వెళ్ళి రావడం. ఇంట్లో గొడవ మాత్రం ఉండదు. రెండోది, చంకలో 99 దాటగానే మలద్వారంలో చూసి తేల్చుకోవడం. 100.4 కన్నా తక్కువ ఉంటే ఆ రాత్రి చంకలో చూస్తూ గడపొచ్చు, 100.4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే బ్యాగు సర్దుకోవాలి. ఉత్తుత్తి పరుగులు తగ్గుతాయి. కానీ చెయ్యి కుదరాలి, ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. భయపడుతూ, వణుకుతున్న చేతులతో చేసేదైతే మొదటి దారే మంచిది. మూడోది, గన్‌ను పడుకున్న బిడ్డను లేపకుండా చూసుకోవడానికి మాత్రం ఉంచుకోవడం. అందులో ఎక్కువ వస్తే చంకలో చూడండి. తక్కువ వస్తే మాత్రం "జ్వరం లేదు" అని ధైర్యపడకండి, మీ చేతికి వేడి తగిలితే చంకలో చూడాల్సిందే. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే, చెమట నుదుటి వెనక ఉన్న నిజమైన జ్వరం ఒకరోజు తప్పిపోతుంది. నన్నడిగితే మీకు రెండోదే చెబుతాను, కానీ మొదటిది వాడే ఇళ్ళల్లో పిల్లలు కూడా క్షేమంగానే పెరుగుతున్నారు.

ఇంకో చిక్కు ఉంది, అది థర్మామీటరు వల్ల వచ్చేది కాదు. టోపీ, గుడ్డ చుట్టడం, పక్కనే తల్లి ఒళ్ళు, పైన చెన్నై ఉక్కపోత. పసివాళ్ళు తమ వేడిని సరిగ్గా వదిలించుకోలేరు. అలా చుట్టి ఉన్న బిడ్డకి చంకలో 99.2 వస్తే, బాబు బాగా పాలు తాగుతూ, కళ్ళు తెరిచి చూస్తూ ఉంటే, టోపీ తీసి, గుడ్డ విప్పి, ఒక పలచటి చొక్కాతో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉంచి మళ్ళీ చూడండి. వట్టి ఉక్క అయితే అంకె దిగుతుంది. స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసినప్పుడు కూడా అంతే, వెంటనే చూడకుండా కాసేపు ఆగండి. మీ విషయంలో జరిగింది బహుశా ఇదే. ఇంట్లో చుట్టి ఉన్నప్పుడు చంకలో 98.8, విప్పేసి ఆస్పత్రిలో చూస్తే 98.2. రెండూ ఒకదానికొకటి పొసగుతాయి, రెండూ జ్వరం కాని అంకెలే. కానీ విప్పాక కూడా 99.5 ఉంటే "ఉక్కే" అని సర్దిచెప్పుకోవద్దు.

కొన్నిసార్లు అంకె కోసం ఎదురుచూడకూడదు. బిడ్డ పాలు సరిగ్గా తాగకపోయినా, లేపితే లేవకుండా తూలుతున్నా, ఊపిరి నిమిషానికి అరవై దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా థర్మామీటరు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. ఒళ్ళు చల్లబడినా అంతే. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఈ వయసులో పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చిన బిడ్డకి జ్వరానికి బదులు ఒళ్ళు చల్లబడవచ్చు. చంకలో 95.9 కన్నా, అంటే 35.5 సెల్సియస్ కన్నా, తక్కువ ఉంటే అది కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన అంకె. గుండెకు హత్తుకుని, మీ ఒంటికి బిడ్డ ఒళ్ళు ఆనించి, పైన దుప్పటి కప్పుకుని తీసుకెళ్ళండి.

అత్తయ్యగారి పారాసిటమాల్ మాటకి మీరు ఒప్పుకోకపోవడం మంచిదైంది. ఆరు వారాల టీకా తర్వాత జ్వరం రావడం మామూలే, అది ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి పోతుంది. పది రోజుల తర్వాత వచ్చిన వేడిని టీకా ఖాతాలో వేయలేం. మూడు నెలల లోపు బిడ్డకి డాక్టరు చూడకుండా ఆ చుక్కలు వేస్తే అంకె తగ్గుతుంది, కారణం అలాగే ఉంటుంది, వెళ్ళాల్సిన సమయం కాస్తా గడిచిపోతుంది. టీకా వేసినప్పుడే డాక్టరు మోతాదు రాసిచ్చి ఉంటే, అది ఆ రెండు రోజులకే.

కొనడం గురించి అడిగారు. ఖరీదైనది ఏదీ అక్కర్లేదు. రెండు మామూలు డిజిటల్ థర్మామీటర్లు, ఒకటి చంకకి, కొన వంగేది రెండోదానికి. కొనేటప్పుడు డబ్బా మీద ప్లస్ ఆర్ మైనస్ 0.1 సెల్సియస్ అని ఉందో లేదో చూడండి. ఇన్‌ఫ్రారెడ్ రకాలకి అది 0.2 నుంచి 0.3 ఉంటుంది, అది కూడా ప్రయోగశాలలో, పొడి నుదుటి మీద. ఇంటికి తెచ్చాక మీ చంకలో వరసగా మూడుసార్లు చూసుకోండి. అంకెలు అర డిగ్రీకి మించి తేడా వస్తే షాపువాడికి తిరిగి ఇచ్చేయండి. ఫారెన్‌హీట్‌లో ఉందో సెల్సియస్‌లో ఉందో ముందే చూసుకోండి, కొన్నిట్లో బటన్ నొక్కి పట్టుకుంటే మారిపోతుంది. ఎవరైనా ఇంట్లో పాత పాదరసం థర్మామీటరు ఇస్తే వద్దనండి. పగిలితే ఆ పాదరసం ఆవిరి పసివాడికి మంచిది కాదు, దాన్ని తుడవడమూ కష్టమే. కొడైకెనాల్లో వాటిని తయారుచేసిన ఫ్యాక్టరీ పాదరసం కాలుష్యం వల్లే 2001లో మూతపడింది.

డాక్టరుకి ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఎన్ని గంటలకు చూశారు, ఎక్కడ పెట్టి చూశారు, ఎంత వచ్చింది, ఆఖరిసారి పాలు ఎప్పుడు తాగాడు. అవతలి వాళ్ళు అడిగేది ఇవే. చెవి థర్మామీటరును వాపసు తీసుకునే గడువు ఇంకా ఉంటే తిరిగి పంపేయండి. లేకపోతే బ్యాటరీ తీసి దాచండి, బాబుకి ఆరు నెలలు దాటాక పనికొస్తుంది. అప్పుడు చెవిని నేరుగా వెనక్కి లాగి పెట్టాలి. ఏడాది దాటాక పైకీ వెనక్కీ లాగుతారు.